139 వస్తే ఎక్కడ తప్పారో తెలియాలి: ఎనిమిదో తరగతి బీజగణితం, తాళాల ఆట

ప్రశ్న: ఎనిమిదో తరగతి, 40 మంది పిల్లలు. రేఖీయ సమీకరణాల మీద ఎస్కేప్ రూమ్ పెట్టాను. మూడు లెక్కలు, ఒక్కో జవాబు ఒక్కో అంకె, మూడంకెల నంబర్ తాళం. పది నిమిషాల్లో సగం గ్రూపులు తాళం తీసేశాయి, నోటుబుక్కులో మాత్రం లెక్క లేదు. మిగతా గ్రూపుల్లో ఒక్కరే అన్నీ చేశారు. దీన్ని నిజంగా లెక్కల ఆటగా ఎలా తయారుచెయ్యాలి? పనిచేసేది హైదరాబాద్‌లోనే, ఖర్చు నా చేతిదే.

జవాబు:

పందొమ్మిదేళ్లుగా హైదరాబాద్ బడుల్లో లెక్కలు చెబుతున్నాను. ఈ ఆట పెట్టడం మొదలుపెట్టి ఏడేళ్లయింది. మొదటిసారి నాకూ ఇదే జరిగింది, అందుకే ముందు తాళం సంగతి చెబుతాను.

మూడంకెల తాళానికి 000 నుంచి 999 దాకా వెయ్యి కోడ్‌లుంటాయి. వెయ్యి వినడానికి పెద్ద సంఖ్యే. కానీ ఒక్కో అంకెకు ఒక్కో లెక్క పెట్టారు కాబట్టి, రెండు లెక్కలు చేసిన పిల్లలకు మిగిలేవి పది కోడ్‌లే. మూడో చక్రం తిప్పుతూ పోతే అర నిమిషం పట్టదు. ఒక్క లెక్కే చేసినా వందే మిగులుతాయి, అదీ ఐదు నిమిషాల పని. ఇంకోటి, చవక తాళాల్లో కొక్కేన్ని పైకి లాగిపట్టి చక్రాలు మెల్లగా తిప్పితే, సరైన అంకె దగ్గర వేలికి చిన్నగా తగులుతుంది. ఈ సంగతి పిల్లలకు మనకంటే ముందే తెలుసు. ఆ సగం గ్రూపులు తాళం తీసింది ఈ రెండు దారుల్లో ఏదో ఒకదాన్లోనే అయ్యుంటుంది. వాళ్లను తప్పు పట్టలేం. తాళం తియ్యమన్నాం, తీశారు.

దీనికి నేను చేసినవి రెండు మార్పులు. మొదటిది, ఒక్కో జవాబు ఒక్కో అంకె కాకూడదు, మూడు లెక్కల జవాబులూ కలిస్తే తప్ప పూర్తి కోడ్ తెలియకూడదు. రెండోది, తాళాన్ని ముట్టుకోవడానికి ముందే కోడ్‌ను ఒక చీటీ మీద రాసి నా బల్ల దగ్గరికి తేవాలి. ఈ రెండో మార్పే ఆటంతటినీ మార్చేసింది. చీటీ మీది తప్పు కోడ్ చూడగానే ఆ గ్రూపు ఎక్కడ తప్పిందో నాకు తెలిసిపోయేలా లెక్కల్ని తయారుచేసుకోవచ్చని దానితోనే అర్థమైంది. అంటే లెక్క రాసేటప్పుడు సరైన జవాబు కంటే ముందు తప్పు జవాబుల గురించి ఆలోచించాలి.

నేను వాడే మూడు కార్డులు ఇవి.

```
మొదటి కార్డు:  4(x − 2) = 2x + 4
రెండో కార్డు:   9 − (y − 3) = 2y
మూడో కార్డు:   3z + 1 = 28
కోడ్:          30x + 10y + z
```

మొదటి కార్డు చూడండి. సరిగ్గా చేస్తే 4x − 8 = 2x + 4, అంటే 2x = 12, x = 6. బయటి 4ను లోపలి మొదటి పదానికి మాత్రమే పెట్టి 4x − 2 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్లకు 2x = 6, x = 3 వస్తుంది. 2xను ఇవతలికి తెచ్చేటప్పుడు గుర్తు మార్చడం మరిచినవాళ్లకు 6x = 12, x = 2 వస్తుంది. 8ని అవతలికి పంపేటప్పుడు గుర్తు మార్చనివాళ్లకు 2x = −4, x = −2 వస్తుంది. నాలుగు దారులు, నాలుగు వేర్వేరు పూర్ణాంకాలు.

పూర్ణాంకం రావడం ముఖ్యం. తప్పు దారిలో 13/5 లాంటిది వస్తే పిల్లలు లెక్క తప్పని వెంటనే పసిగట్టి, వెనక్కి వెళ్లకుండా పక్క గ్రూపు వైపు చూస్తారు. తప్పు కూడా నున్నగా ముగిస్తేనే దాన్ని నమ్మి చీటీ మీద రాస్తారు. అప్పుడే అది మన కంటపడుతుంది.

అంతకుముందు రెండేళ్లు నేను ఇదే చోట 5(x − 3) = 2x + 6 అనే కార్డు వాడాను. సరైన జవాబు 7. బ్రాకెట్‌లో తప్పితే 5x − 3 = 2x + 6, x = 3. ఎవరైనా 3 తెస్తే బ్రాకెట్ తప్పేనని అనుకుని దాని సూచనే ఇచ్చేదాన్ని. ఒకసారి ఒకమ్మాయి సూచన చదివి, "టీచర్, నేను లోపల రెండింటికీ పెట్టిన" అని నోటుబుక్కు చూపించింది. నిజమే, 5x − 15 సరిగ్గానే ఉంది. 2x గుర్తు మార్చలేదు, 7x = 21 అయ్యి అక్కడా 3 వచ్చింది. రెండు వేర్వేరు తప్పులు ఒకే సంఖ్య దగ్గర కలిసే కార్డు అది. రెండేళ్లు ఎంతమందికి అక్కర్లేని సూచన ఇచ్చానో అని ఆ రాత్రి చాలా బాధపడ్డాను. అప్పటినుంచి కొత్త కార్డు రాస్తే ప్రతి తప్పు దారినీ చివరిదాకా నా చేత్తో చేసి చూసుకోకుండా వాడను.

రెండో కార్డు బ్రాకెట్ ముందున్న మైనస్ కోసం. సరిగ్గా చేస్తే 12 − y = 2y, y = 4. లోపలి −3 గుర్తు మార్చకపోతే 6 − y = 2y, y = 2. మూడో కార్డు తేలిక, z = 9. అందులో ఒక పాత జబ్బు దాగి ఉంటుంది: 3z + 1ని 4z అని కలిపేసే అలవాటు. సజాతి పదాలు, విజాతి పదాలు అని ఏడో తరగతిలో చెప్పుకున్నదంతా తొందర్లో గాలికి పోతుంది. అప్పుడు 4z = 28, z = 7.

ఇప్పుడు కోడ్. x = 6, y = 4, z = 9 పెడితే 180 + 40 + 9 = 229. నా చేతిలో ఉండే కాగితం మీద ఇంకా ఇవి ఉంటాయి. 139 అంటే మొదటి కార్డులో బ్రాకెట్ తప్పు. 109 అంటే అదే కార్డులో x పదాన్ని పక్షాంతరం చేసేటప్పుడు తప్పు. 209 అంటే రెండో కార్డులో మైనస్. 227 అంటే మూడో కార్డులో 4z. 119 వస్తే బ్రాకెట్, మైనస్ రెండూ తప్పాయి. x = −2 వచ్చిన గ్రూపుకు −11 వస్తుంది. తాళం మీద మైనస్ ఉండదు కాబట్టి వాళ్లే ఆగి వెనక్కి వెళ్తారు. x నాలుగు రకాలు, y రెండు, z రెండు, మొత్తం 16 కోడ్‌లు. ఏ రెండూ కలవకుండా ఉండటానికే 30, 10 అనే గుణకాలు ఎంచుకున్నాను. x + y + z అని పెట్టి ఉంటే ఒకరి తప్పు ఇంకొకరి తప్పులో కలిసిపోయేది. y తప్పినా z తప్పినా 17 వచ్చేది.

419 అనే కోడ్ కూడా ఆ కాగితం మీద రాసి పెట్టుకోండి. మూడు కార్డులూ సరిగ్గా చేసినవాళ్లే ఇది తెస్తారు. 30xలో x = 6 పెట్టమంటే 306 అని, 10yకి 104 అని రాస్తారు. 306 + 104 + 9 = 419. అంకె పక్కన అక్షరం ఉంటే మధ్యలో గుణకారం ఉందన్న సంగతి ఎనిమిదో తరగతిలో కూడా కొందరికి అందలేదని నాకు ఈ కోడ్ వల్లే తెలిసింది. సమీకరణాలన్నీ యంత్రంలా చేసేసే పిల్లలు కూడా ఇందులో ఉంటారు. పరీక్ష పేపర్లో వీళ్లు మనకు దొరకరు.

కాగితం మీద లేని కోడ్ వస్తే అది దాదాపు ఎప్పుడూ కూడికలో, గుణకారంలో చెయ్యి జారడమే. దానికి సూచన ఇవ్వను. "సరిచూసేవాళ్లు ఎవరు?" అని మాత్రం అడుగుతాను.

ఇక ఒక్కరే అన్నీ చేసెయ్యడం గురించి. గ్రూపుకు నలుగురు, మీకు పది గ్రూపులవుతాయి. ముగ్గురికి తలా ఒక కార్డు. నాలుగో మనిషికి కార్డు ఉండదు. మిగతా ముగ్గురి జవాబుల్నీ అసలు సమీకరణంలో ప్రతిక్షేపించి రెండు పక్షాలూ సమానమయ్యాయో లేదో చూడటం ఆ మనిషి పని. మొదటి కార్డుకు 3 అని ఎవరైనా ఇస్తే ఎడమపక్కన 4(3 − 2) = 4, కుడిపక్కన 6 + 4 = 10. సమానం కాలేదు కాబట్టి వెనక్కి పంపాలి. చీటీ మీద నాలుగు గళ్లుంటాయి, ఎవరి గడి వాళ్ల చేతిరాతతోనే నిండాలి. ఒకే చేతిరాత కనిపిస్తే చీటీ తీసుకోను. చురుకైన పిల్లల్ని సరిచూసే పనికే పెట్టండి. వాళ్లు లెక్క చేసి పడెయ్యలేరు, పక్కవాళ్ల లెక్క చదవక తప్పదు. మొదట్లో మొహం ముడుచుకుంటారు. పది నిమిషాలయ్యేసరికి "నీ మైనస్ యాడికి వోయింది రా" అంటూ ఆ మూడు నోటుబుక్కుల మీదే వంగి ఉంటారు.

చీటీలు గ్రూపుకు మూడే ఇస్తాను. తప్పు చీటీ తెస్తే దాని సూచన కార్డు ఇస్తాను. సూచనలో జవాబు ఉండదు, ఎక్కడ చూడాలో ఉంటుంది. 139కి "బయట ఉన్న 4 లోపల ఎన్ని పదాలను గుణించాలి?" అని, 419కి "3xలో 3కీ xకీ మధ్య కనపడని గుర్తు ఏది?" అని. మూడు చీటీలూ అయిపోయిన గ్రూపు దగ్గరికి నేనే వెళ్లి కూర్చుంటాను. ఏ గ్రూపునీ ఆట నుంచి బయటికి పంపను. సూచనలు తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల్లోనూ రాయండి. మన దగ్గర ఒకే బెంచీ మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు కూర్చుంటారు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉన్నట్టే, కార్డుకు ఒకవైపు ఒకటి, రెండోవైపు ఒకటి పెడితే సరిపోతుంది.

పక్క గ్రూపు కోడ్ చెవిన పడకుండా రెండు రకాల కార్డులు చెయ్యండి. మూడో కార్డును మాత్రం 3z + 1 = 40 అని మార్చండి చాలు. z = 13, కోడ్ 233. మీ కాగితంలో కోడ్‌లన్నింటికీ 4 కలిపితే కొత్త పట్టిక వచ్చేస్తుంది. మూడో కార్డు తప్పు కోడ్ ఒక్కటే వేరు, అక్కడ z = 10 వచ్చి 230 అవుతుంది. ఆ తప్పుతో పాటు వేరే తప్పూ కలిసిన కోడ్‌లకు మాత్రం 3 కలపాలి.

ఖర్చు మీ చేతిదే అన్నారు కాబట్టి పెట్టెల సంగతి చెబుతాను. పది పెట్టెలు కొనకండి. రెండు జిప్ తలలున్న పాత స్కూల్ బ్యాగు చాలు, ఆ రెండు తలల చిల్లుల్లోంచి చిన్న నంబర్ తాళం దూరుతుంది. గ్రూపుకో బ్యాగు. తాళాలు బేగంబజార్‌లో హోల్‌సేల్‌కు తీసుకోండి, డజను కొంటే విడిగా కొన్నదానికంటే తక్కువకు ఇస్తారు. కొనేచోటే ప్రతి తాళాన్నీ కోడ్ మార్చి, మూసి, తీసి చూడండి. డజనులో ఒకటో రెండో చక్రాలు పట్టేసేవి ఉంటాయి. మామూలుగా ఈ రకం తాళాలు 000 దగ్గర తెరుచుకుంటాయి. తెరిచాక కొక్కేన్ని పక్కకు తిప్పి కిందికి నొక్కిపట్టి, కొత్త అంకెలు పెట్టి, మళ్లీ యథాస్థానానికి తెస్తే కోడ్ మారుతుంది.

ఆ సదుపాయమే ఒక సంవత్సరం నా కొంప ముంచింది. తాళం తీసిన సంతోషంలో ఒక అబ్బాయి తెరిచిన తాళాన్ని చేతిలో తిప్పుతూ కొక్కెం నొక్కి చక్రం కదిపాడు. కోడ్ మారిపోయింది, ఎవరికీ తెలియలేదు. నేను బ్యాగుకు తాళం వేసి బి సెక్షన్‌కు తీసుకెళ్లాను. ఆ గ్రూపు సరైన కోడ్ రెండుసార్లు పెట్టినా తెరుచుకోలేదు. లెక్క సరిగ్గా చేసిన పిల్లలు తమ లెక్కే తప్పనుకుని కొట్టేసి మళ్లీ మొదలుపెట్టారు. ఆ నోటుబుక్కు చూసినప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. ఇప్పుడు తాళం తెరుచుకున్న మరుక్షణం దాన్ని నా బల్ల మీది గిన్నెలో వెయ్యాలి, అది నియమం. చీటీ మీద కోడ్ సరైనదని నేను టిక్కు పెట్టాక తాళం మొరాయిస్తే, తప్పు తాళానిదేనని పిల్లలకు ముందే చెబుతాను. అలా కోడ్ మారితే, అసలు కోడ్‌లో ఒక్కో చక్రాన్నే మార్చుతూ చూడండి. సాధారణంగా ఒక్క చక్రమే కదిలి ఉంటుంది, 27 ప్రయత్నాల్లో దొరుకుతుంది.

రెండో దశకు తరగతికంతటికీ ఒకటే ట్రంకు పెట్టె. బ్యాగులో దొరికే కాగితం మీద ఈ లెక్క ఉంటుంది: ఒక చదరపు ముంగిలి భుజం n మీటర్లు. భుజాన్ని 3 మీటర్లు పెంచితే వైశాల్యం 81 చదరపు మీటర్లు పెరిగింది. పాత ముంగిలి వైశాల్యమే కోడ్. (n + 3)² − n² = 81, అంటే 6n + 9 = 81, n = 12, కోడ్ 144. ఇక్కడ (n + 3)²ను n² + 9 అని రాసేవాళ్లకు 9 = 81 అని మిగులుతుంది. కావాలనే ఇలా దారి మూసుకుపోయేలా పెట్టాను. మొదటి దశలో తప్పును నేను పట్టుకున్నాను, ఇక్కడ సమీకరణమే పట్టుకుంటుంది. అది చూసి "ఏంది టీచర్ గిది, n మొత్తం పోయింది" అని వచ్చేవాళ్లకు గళ్ల కాగితం ఇచ్చి బొమ్మ గియ్యమంటాను. పక్కన రెండు పట్టీలు, మూలన చిన్న చదరం కనిపించగానే 6n ఎక్కడిదో వాళ్లే చెబుతారు. 225 తెచ్చినవాళ్లకు బీజగణితం వచ్చు, ప్రశ్న సరిగ్గా చదవలేదంతే. వాళ్లు కొత్త ముంగిలి వైశాల్యం రాశారు. ఈ రెండింటికీ తేడా మన కాగితం మీద ఉండాలి.

పది గ్రూపుల చీటీలూ 144 అయ్యాకే ట్రంకు తెరుస్తాను. ముందు ముగించిన గ్రూపు ఖాళీగా కూర్చోదు, వెనకబడిన గ్రూపు దగ్గరికి వెళ్లి ప్రశ్నలు మాత్రమే అడగొచ్చు. పెన్ను పట్టుకోవడానికి వీల్లేదు.

కోడ్‌గా ఊరికి సంబంధించిన సంఖ్య పెట్టకండి. నేను ఒకసారి సరదాపడి నాలుగంకెల తాళానికి 1591 పెట్టి, సూచన కాగితం మీద చార్మినార్ బొమ్మ వేశాను. హైదరాబాద్ పిల్లలకు చార్మినార్ కట్టిన సంవత్సరం ఒకరు చెప్పాలా? కాగితం తిప్పి చూడకుండానే తెరిచేశారు.

సమయం విషయంలో, రెండు పీరియడ్లు వరసగా అడిగి తీసుకోండి. నియమాలు చెప్పడానికి 8 నిమిషాలు, బ్యాగుకు 25, ట్రంకుకు 20. మూడో పెట్టె పెట్టాలని ఉంటుంది, వద్దు. మిగిలిన పాతిక నిమిషాలూ బల్ల మీద పోగైన తప్పు చీటీలకు కావాలి. ఇంకో సంగతి, అధ్యాయం మొదలుపెట్టిన వారంలో ఈ ఆట పెట్టకండి. 3z + 1 = 28 కాగితం మీద ఒంటరిగా చెయ్యలేని పిల్లలకు తాళం ఏమీ నేర్పదు, పైగా గ్రూపులో దాక్కోవడం నేర్పుతుంది. ఏక చరరాశి సమీకరణాలు, సర్వసమీకరణాలు రెండూ అయ్యాక, పునశ్చరణకు పెట్టండి.

ఆ పాతిక నిమిషాల్లో నేను చేసేది ఇది. ఏ గ్రూపు పేరూ చెప్పకుండా బోర్డు మీద 139 అని రాస్తాను. "ఇది ఎలా వస్తుందో కనిపెట్టండి" అంటాను. ఇప్పుడు లెక్క తలకిందులైంది. 229 నుంచి 139కి 90 తగ్గింది. 30x ఉంది కాబట్టి x మూడు తగ్గి ఉండాలి, అంటే ఎవరికో 3 వచ్చింది. 3 రావాలంటే మొదటి కార్డులో ఏం చేసి ఉండాలి? పోయినేడు దీన్ని ముందుగా చెప్పింది, ఆ 139 రాసి తెచ్చిన అబ్బాయే. లేచి బోర్డు దగ్గరికి వచ్చి, 4x − 2 అని రాసి, ఆ 2 చుట్టూ సున్నా చుట్టి, "గీనికి నాలుగు పెట్టలే టీచర్" అని చెప్పి కూర్చున్నాడు. తర్వాత 109 రాశాను. ఈసారి ఏడెనిమిది చేతులు లేచాయి.